అడుగంటిన రుచి

కోడి ముక్కల్ని నూనెలో ఎర్రగా వేపి పళ్లెంలోకి తీశాక మూకుడు అడుగున గోధుమ రంగు పొర ఒకటి మిగులుతుంది. ముక్క ఆనిన చోటల్లా ముదురు మరక, దాని అంచుల్లో సన్నటి తునకలు. చాలా ఇళ్లలో దాని గతి ఒక్కటే. మూకుడు సింకులో పడుతుంది, నీళ్లు పోసి నానబెడతారు, ఆనక పీచు పెట్టి తోముతారు. తోమబోయే ముందు ఆ నానిన నీళ్లను ఒక్కసారి పరికించి చూడండి. లేత టీ రంగులో ఉంటాయి, ముక్కు దగ్గర పెడితే వేగిన కోడి వాసన వస్తుంది. కూరలో ఉండాల్సిన రంగూ వాసనా అవి. అవే నీళ్లు ఓ పావు కప్పు, మూకుడు ఇంకా పొయ్యి మీద ఉండగానే పోసి అడుగు గీకి ఉంటే గ్రేవీకి పునాది పడేది.

ఫ్రెంచి వంటలో ఈ పనిని డీగ్లేజింగ్ అంటారు. అడుగున అంటుకున్న ఆ పొరను ఫాండ్ అంటారు. అక్కడి హోటళ్లలో ఇది రోజూ పూటపూటా జరిగే పని. మాంసం ముక్కను స్టీలు పెనంలో రెండు వైపులా వేపి తీస్తారు. పెనంలో మిగిలిన కొవ్వును చాలావరకు వంచేస్తారు. సన్నగా తరిగిన చిన్న ఉల్లిపాయలు వేసి ఒక నిమిషం వేపి, అరకప్పు వైన్ పోస్తారు. చుయ్యిమని ఆవిరి లేస్తుంది. చెక్క గరిటెతో అడుగంతా గీకుతారు. వైన్ సగానికి పైగా మరిగిపోయాక ఎముకలు కాచిన రసం కొంత పోసి మళ్లీ మరిగిస్తారు. చిక్కబడ్డాక దించి, చల్లటి వెన్న ముక్క వేసి తిప్పుతారు. అయిదారు నిమిషాల్లో సాస్ తయారు. అందులో మసాలా అంటూ ఏమీ ఉండదు. రుచి బరువంతా ఆ అడుగు పొరే మోస్తుంది.

వైనే పోయాలని నియమమేమీ లేదు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో రెడ్ ఐ గ్రేవీ అని పాతకాలపు వంటకం ఒకటుంది. ఉప్పు పట్టించి ఆరబెట్టిన పంది మాంసం పలకల్ని ఇనుప పెనంలో వేపి తీసేసి, ఆ పెనంలో పాలు కలపని కాఫీ డికాక్షన్ పోసి గీకుతారు. పిండి వేసి చిక్కబరచరు. ఉప్పగా, కాస్త చేదుగా, నీళ్లలా పల్చగా ఉండే ఆ రసాన్ని రొట్టె మీద పోసుకు తింటారు. కాఫీ, వైన్, పులుపు, వట్టి నీళ్లు, ఏది పోసినా లోపల జరిగే పని ఒకటే. నీరు అనేది వేడి లోహం మీద పడి, అంటుకున్నదాన్ని కరిగించి తనలో కలుపుకుంటుంది.

మనకు ఈ రుచి తెలియనిదేమీ కాదు. చేపల వేపుడో కాకరకాయ వేపుడో చేసిన మూకుట్లో వేడి వేడి అన్నం వేసి, అంచుల దాకా పులిమి కలుపుకు తినడం తెలుగువాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ ముద్దల కోసం ఇంట్లో పోటీ కూడా ఉంటుంది. అన్నంలోని తడీ ఆవిరీ ఆ అడుగును కొంత వదిలించి మెతుకులకు పట్టిస్తాయి. వేపుడు దగ్గర ఇంత తెలివిగా ఉండే మనం కూర దగ్గరకొచ్చేసరికి మాత్రం అడుగంటడమంటే తప్పు జరిగిందనే అనుకుంటాం. అంటుకోకుండా కలుపుతూనే ఉంటాం, అంటుకోని గిన్నెలే కొంటాం. అడుగంటడం వేరు, మాడడం వేరు. ఆ రెంటికీ మధ్య ఉన్న మూడు నాలుగు నిమిషాల్లోనే గ్రేవీ రుచి పుడుతుంది.

ఆ పొర అసలు ఏమిటో తెలిస్తే దాన్ని ఎప్పుడు ఆపాలో కూడా తెలుస్తుంది. పచ్చి కోడిమాంసంలో దాదాపు ముప్పావు వంతు నీరే. వేడి తగలగానే కండ బిగుసుకుని లోపలి రసాన్ని బయటికి నెడుతుంది. ఆ రసంలో ప్రోటీన్లు ఉంటాయి, అమైనో ఆమ్లాలు ఉంటాయి, కొద్దిగా చక్కెరలు, ఉప్పులు ఉంటాయి. అది వేడి లోహాన్ని తాకిన క్షణాన నీరు ఆవిరైపోతుంది. మూకుట్లో వినిపించే చిటపటలన్నీ ఆ నీరు పోతున్న చప్పుడే. మిగిలిన సారమంతా లోహానికి అంటుకుని, అక్కడే వేగి రంగు తిరుగుతుంది. అంటే అడుగున ఉన్నది మాంసం మీది మట్టీ కాదు, విరిగిన ముక్కల పొట్టూ కాదు. ముక్కలోంచి వచ్చిన రసమే, చిక్కబడి, వేగి అక్కడ కూర్చుంది.

ఎక్కువ మంట మీద మాంసాన్ని ముందు వేపితే పైన గట్టి పొర కట్టి లోపలి రసం బయటికి రాకుండా ఆగిపోతుందని ఇప్పటికీ చాలామంది నమ్ముతారు. 19వ శతాబ్దంలో జర్మనీకి చెందిన రసాయన శాస్త్రవేత్త యుస్టస్ ఫాన్ లీబిగ్ వల్ల బాగా వ్యాపించిన మాట అది. నిజం కాదు. ఎర్రగా వేపిన ముక్కను పళ్లెంలో పెట్టి అయిదు నిమిషాలాగితే దాని కింద రసం చేరుతుంది. అంత పెద్ద శాస్త్రవేత్త చెప్పిన మాటను ఆ పళ్లెమే కాదంటుంది. రసం ఆగదు గనకనే అడుగున పొర కడుతుంది. వేపడం వల్ల వచ్చే లాభం రసాన్ని దాచడం కాదు, కొత్త రుచిని పుట్టించడం.

ఆ కొత్త రుచి ఎలా పుడుతుందో మొదట రాసినవాడు ఫ్రాన్సుకు చెందిన లూయీ కమిల్ మయార్. అమైనో ఆమ్లాలనూ చక్కెరలనూ కలిపి వేడి చేస్తే గోధుమ రంగు పదార్థాలు ఏర్పడతాయని ఆయన 1912లో ప్రకటించాడు. వంట కోసం చేసిన పరిశోధన కాదది. అందులో వరసగా ఏమేం జరుగుతుందో 1953లో అమెరికా వ్యవసాయ శాఖ ప్రయోగశాలలో పనిచేసిన జాన్ హాడ్జ్ దశలుగా విడదీసి చూపించాడు. వంటగదికి అందులోంచి కావలసిన ముక్క ఒక్కటే. ఈ చర్య చురుగ్గా సాగాలంటే సుమారు 140 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. నీరు ఉన్నంతసేపూ మూకుడు అడుగు 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి తడి ఉన్న చోట ముక్క ఉడుకుతుందే గానీ ఎర్రబడదు. నీళ్లు పోసి గీకడం పొరను వదిలించడమే కాదు, రంగు ముదరడాన్ని ఆ క్షణాన ఆపేస్తుంది కూడా. ఒకే పనికి రెండు లాభాలు. ఎప్పుడు నీళ్లు పోస్తామో అక్కడే మన చేయి, మన అంచనా.

మన కోడి కూర వండే తీరు చాలావరకు ఈ వేడికి అడ్డం పడుతుంది. ముక్కలు కడిగి, ఆ తడి మీదే పెరుగు, పసుపు, కారం, అల్లం వెల్లుల్లి ముద్ద పట్టించి నానబెడతాం. ఉల్లిపాయలు వేగాక ఆ మొత్తాన్ని ఒకేసారి మూకుట్లో దింపుతాం. నిమిషంలో నీరు ఊరుతుంది. ఇక ముక్క ఆ నీటిలోనే ఉడుకుతుంది. అలా వండిన కూర బాగుండదని నేననను. మెత్తగా, మసాలా పట్టి బాగానే ఉంటుంది. కానీ అందులో మసాలా రుచి ఉన్నంతగా వేగిన మాంసం రుచి ఉండదు. రెండోది కావాలంటే వరస మార్చాలి. అలా మార్చి వండే కోడి ఇగురునే ఇక్కడ మొదటి నుంచి చివరిదాకా చెబుతాను.

ఎముకతో ఉన్న ముక్కలు 750 గ్రాములు తీసుకోండి. నలుగురికి సరిపోతుంది. తోలుతో ఉంటే మరీ మంచిది, తోలు తీసినవైనా ఫరవాలేదు, నూనె ఇంకొక చెంచా పడుతుంది. కడిగాక చిల్లుల గిన్నెలో పావుగంట వాడ్చి, పొడి గుడ్డతోనో కాగితంతోనో ఒక్కో ముక్కా ఒత్తాలి. ఈ ఒత్తడం దగ్గర బద్ధకిస్తే తరవాత చెప్పేదేదీ జరగదు. పెరుగు వద్దు, కారం వద్దు, పసుపు కూడా ఇప్పుడే వద్దు. పసుపూ కారమూ పట్టిస్తే అడుగు పొర ఏ రంగుకొచ్చిందో కంటికి తెలియదు. పైగా కారం ముక్క కన్నా ముందే మాడుతుంది. మూకుట్లో వేయబోయే ముందు ఒక టీ చెంచాడు ఉప్పు మాత్రం చల్లండి.

వెడల్పాటి, అడుగు మందంగా ఉన్న స్టీలు పాత్ర కావాలి. లోతు మూకుడు కన్నా సమతలంగా ఉన్నది మంచిది, ఎక్కువ ముక్కలు అడుగుకు ఆనతాయి. దాన్ని మధ్యస్థం కన్నా కాస్త ఎక్కువ మంట మీద రెండు నిమిషాలు కాచి, మూడు పెద్ద చెంచాల నూనె పోయండి. నూనె పల్చబడి అలలు తిరిగినట్టు కదులుతుంటే సగం ముక్కలే వేయండి, ఒకదానికొకటి తగలకుండా. చప్పుడు ఒక్కసారిగా లేవాలి. లేవకపోతే పాత్ర ఇంకా కాగలేదు. వేశాక చేయి పెట్టకూడదు. మొదటి నిమిషంలో ముక్క లోహాన్ని గట్టిగా పట్టుకుంటుంది, అప్పుడు లాగితే చిరుగుతుంది. నాలుగు నిమిషాలకు కింది వైపు ఎర్రబడ్డాక దానంతటదే పట్టు సడలిస్తుంది. అట్లకాడ అంచుతో మెల్లగా తోస్తే కదులుతుంది. తిప్పి మరో మూడు నిమిషాలు. లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది, ఉండనివ్వండి. పళ్లెంలోకి తీయండి.

ఇక్కడ మూకుడులోకి ఒకసారి తొంగి చూడాలి. ముక్కలున్న చోట బంగారు రంగు నుంచి గోధుమ రంగు దాకా మరకలు కనిపిస్తాయి. అంతవరకు బాగుంది. ముక్కలు లేని ఖాళీ జాగాలో చిమ్మిన రసం మాత్రం ఎప్పుడూ ముందుగా ముదురుతుంది, దాన్ని చల్లబరిచే తడి పైన ఉండదు గనక. మరకలు కాఫీ గింజ రంగుకు దగ్గరపడుతుంటే రెండో విడత వేయకుండా ఆగండి. మంట తగ్గించి పావు కప్పు నీళ్లు పోసి గీకి, ఆ గోధుమ రంగు నీళ్లను ఒక గిన్నెలోకి వంచి దాచుకోండి. మూకుడు తుడిచి, కొంచెం నూనె పోసి రెండో విడత మొదలుపెట్టండి. చాలామంది ఈ పని చేయక, రెండో విడత పూర్తయ్యేసరికి మొదటి విడత సంపాదించినదంతా మాడ్చుకుంటారు. రంగు ఇంకా లేతగా ఉంటే మాత్రం మంట ఒక మెట్టు తగ్గించి నేరుగా రెండో విడత వేసేయొచ్చు.

ముక్కలన్నీ తీశాక నూనె ఎంత ఉందో చూసుకోండి. తోలు ముక్కలైతే కొవ్వు కరిగి ఎక్కువే ఉంటుంది. రెండు మూడు చెంచాలు ఉంచి మిగతాది వంచేయాలి. పూర్తిగా తుడిచేయకూడదు. అడుగు పొరలో ఎక్కువ భాగం నీటిలోనే కరుగుతుంది గానీ, సువాసనలో కొంత నూనెలోకి కూడా దిగుతుంది. అలాగని నూనె మడుగులో నీళ్లు పోస్తే చిమ్ముతుంది, గ్రేవీ మీద జిడ్డు తేలుతుంది.

ఇప్పుడు సన్నగా తరిగిన మూడు ఉల్లిపాయలు, చిటికెడు ఉప్పుతో సహా వేయండి. ఈ కూరలో మొదటి డీగ్లేజింగ్ చేసేది ఉల్లిపాయే. ఉప్పు తగిలి నీరు వదులుతుంది, ఆ నీరే అడుగు పొరను మెత్తబరుస్తుంది. మొదటి రెండు నిమిషాల్లో చెక్క అట్లకాడతో గట్టిగా అడుగంతా గీకాలి. గరిటె కింద మొదట గరుగ్గా తగులుతుంది, క్రమంగా నున్నబడుతుంది, స్టీలు మెరుపు బయటపడుతుంది. కళ్లు ఇక్కడ ఒక మోసానికి లోనవుతాయి. ఉల్లిపాయ రెండు నిమిషాల్లోనే గోధుమ రంగుకొచ్చేస్తుంది. అది వేగిన రంగు కాదు, అడుగు నుంచి అంటిన రంగు. నోట్లో వేసుకుంటే పచ్చి ఘాటు తెలుస్తుంది. రంగు చూసి అల్లం వెల్లుల్లి వేసేస్తే కూరంతా ఆ పచ్చి ఉల్లి వాసన పట్టుకుంటుంది. మధ్యస్థం మంట మీద ఇంకో పది పన్నెండు నిమిషాలు వేపాలి.

వేగుతున్నకొద్దీ ఉల్లిపాయలోని చక్కెరలు మళ్లీ అడుగున రెండో పొర కడతాయి. అది ఎర్రబడగానే రెండు చెంచాల నీళ్లు చిలకరించి గీకండి. నీరు ఇగిరిపోయి నూనె చప్పుడు తిరిగొచ్చేదాకా ఆగండి, మళ్లీ పొర కట్టనివ్వండి, మళ్లీ చిలకరించండి. ఇలా రెండు మూడు సార్లు. ప్రతిసారీ ఉల్లిపాయ ఒక మెట్టు ముదురుతుంది, ఒక మెట్టు కరుగుతుంది. చివరికి ముక్కల రూపం పోయి గోధుమ రంగు గుజ్జులా అవుతుంది. ఉత్తరాది వంటవాళ్లు మసాలాను భూనడమని చేసేది ఇదే పని. పాత తరం తెలుగు వంటవాళ్లు కూడా మసాలా అడుగంటుతుంటే చెయ్యి తడి చేసుకుని చిలకరిస్తారు. వాళ్లు దాన్ని మాడకుండా కాపాడే జాగ్రత్తగానే చెబుతారు గానీ, కూర రుచి పెరగడానికి అసలు కారణం ఆ చిలకరింపే. నీళ్లు ఎక్కువ పోయకపోవడం ముఖ్యం. అరకప్పు పోస్తే అది ఇగిరేదాకా ఉల్లిపాయ ఉడుకుతుంది, అయిదు నిమిషాలు వృథా.

ఒకటిన్నర చెంచా అల్లం వెల్లుల్లి ముద్ద వేస్తే అది వెంటనే అంటుకుంటుంది. పచ్చి వాసన పోయేదాకా ఒకటి రెండు నిమిషాలు వేపి మరో చిలకరింపు. అరచెంచా పసుపు, రెండు టీ చెంచాల కారం, ఒక పెద్ద చెంచా ధనియాల పొడి ఆ చిలకరించిన తడి మీదే వేయాలి. పొడులు పొడి లోహం మీద పడితే అర నిమిషంలో మాడతాయి. మాడిన కారం చేదు ఇక పోదు. అర నిమిషం కలిపి, తరిగిన రెండు టమాటాలు వేయండి. టమాటా పులుపూ నీరూ మిగిలిన అడుగునంతా వదిలిస్తాయి. అంచుల్లో ఎత్తున అంటుకున్న మరకలు కూడా గుర్తుపెట్టుకుని కిందికి గీకాలి.

టమాటా మెత్తబడి నూనె తేలాక ముక్కల్ని తిరిగి వేయండి, పళ్లెంలో చేరిన రసంతో సహా. ఆ రసం పచ్చి మాంసానిది, అది కూరలో పడి బాగా మరగాలి, రుచి చూడ్డానికి కాదు. ముందు గిన్నెలో దాచిన గోధుమ రంగు నీళ్లుంటే అవీ పోయండి. పైన కప్పుంబావు వేడి నీళ్లు పోసి, ఒక పొంగు రానిచ్చి, మూత పెట్టి సన్నటి మంట మీద ఇరవై నిమిషాలు. తరవాత మూత తీసి మంట కొంచెం పెంచి, గ్రేవీ ముక్కకు పట్టేదాకా ఇగరనివ్వండి. ఎముకలూ తోలూ వదిలిన జిగట వల్ల అది దానంతటదే చిక్కబడుతుంది, పిండి అక్కర్లేదు. జీడిపప్పో గసాలో కొబ్బరో రుబ్బి పోసే అలవాటుంటే ఈ చివర్లోనే పోయాలి. ఆ ముద్దలు ముందే పడితే అడుగున పేరుకుని మాడతాయి. గరం మసాలా, కొత్తిమీర ఎప్పటిలాగే. ఉప్పు మాత్రం ఇప్పుడే సరిచూడాలి. ముక్కలకు పట్టించిన ఉప్పులో కొంత అడుగు పొరలో కలిసి గ్రేవీలోకి వచ్చింది, ఇగిరినకొద్దీ గాఢమైంది కూడా. ముందే సరిపెట్టేస్తే చివరికి ఉప్పు కషాయమవుతుంది.

ఇలా వండిన ఇగురు రంగు మామూలు కూరలా నారింజ ఎరుపులో ఉండదు. గోధుమ కలిసిన ముదురు ఎరుపులో ఉంటుంది. కారం తగ్గించినా రుచి చప్పబడదు, ఎందుకంటే దానికి వెన్నెముకలా నిలిచింది కారం కాదు.

తేడా కొడితే ఎక్కడ కొడుతుందంటే, ఎక్కువగా తడి దగ్గర. ముక్కలు వేసిన రెండు నిమిషాలకే చిటపటలు తగ్గి బుడబుడ మొదలైతే, ముక్క తెల్లబడి అంచుల్లో నురగ కడుతుంటే, నీరు చేరిందన్నమాట. ఎక్కువ ముక్కలు ఒకేసారి వేశారు, లేదా సరిగ్గా ఒత్తలేదు. గడ్డకట్టించి అమ్మే చికెన్‌తో ఇది మరీ ఎక్కువ, కరిగినకొద్దీ నీరు వదులుతూనే ఉంటుంది. అప్పుడు ఆ నీటిని పారబోయకండి. ఒక గిన్నెలోకి వంచి పక్కన పెట్టి, ముక్కల్ని మళ్లీ నూనె చప్పుడు వచ్చేదాకా వేపండి. వంచిన నీళ్లు చివర్లో గ్రేవీలో పోసుకోవచ్చు.

రెండోది మాడడం. మంచి పొర తడిగా మెరుస్తూ గోధుమ రంగులో ఉంటుంది. మాడినది నల్లగా, మెరుపు లేకుండా ఉంటుంది, పొగ సన్నగా లేస్తూ మూకుడు మీద వాలిన ముక్కుకు ఘాటు తగులుతుంది. అనుమానంగా ఉంటే స్టవ్ ఆపి, ఒక మూల చెంచాడు నీళ్లు పోసి గీకి, చల్లారాక చిటికెన వేలితో నాలుకకు తగిలించి చూడండి. మొదటి విడత పొరకే ఈ పరీక్ష పనికొస్తుంది, అది అప్పటికే బాగా కాగిపోయి ఉంటుంది గనక. చేదు లేకపోతే ముందుకు వెళ్లొచ్చు. ఉంటే మాత్రం మూకుడు కడిగేయడమే మార్గం. బెల్లం వేసినా, చింతపండు పిండినా ఆ చేదు పోదు, గ్రేవీ మొత్తాన్ని పట్టుకుంటుంది. వేపిన ముక్కలు బాగానే ఉంటాయి కాబట్టి వాటిని వేరే పాత్రలో ఉల్లిపాయతో మొదలుపెట్టి కాపాడుకోవచ్చు.

పాత్ర విషయంలో మొహమాటం లేకుండా చెప్పాలి. నాన్‌స్టిక్ పెనంలో ఈ పని దాదాపు కుదరదు. రసం లోహానికి అంటుకోవడమే ఇందులో మొదటి మెట్టు, ఆ పెనం చేసేది దాన్ని అంటుకోనివ్వకపోవడం. పైగా దానికి ఇంత వేడి మంచిది కాదు. స్టీలు అన్నిటికన్నా నయం, లేత రంగు అడుగు మీద పొర ముదరడం స్పష్టంగా కనిపిస్తుంది. పోత ఇనుప మూకుడు వేడి నిలబెట్టి చక్కగా వేపుతుంది గానీ నలుపు మీద గోధుమ రంగు పోల్చుకోవడం కష్టం, అక్కడ ముక్కునే నమ్ముకోవాలి. చింతపండు, టమాటా లాంటి పులుపులు ఇనుములో ఎక్కువసేపు మరిగితే లోహపు రుచి దిగుతుంది, అరగదీసి పెంచుకున్న నూనె పూత కూడా లేచిపోతుంది. నీళ్లతో గీకి, పులుపు పోసే వేళకు వేరే గిన్నెలోకి మార్చుకుంటే ఇబ్బంది లేదు. బాగా కాగిన పోత ఇనుములో ఫ్రిజ్ నీళ్లు పోస్తే బీట వారే ప్రమాదం ఉంది, పల్చటి స్టీలు పెనం అడుగు వంగిపోతుంది. నీళ్లు గోరువెచ్చగానైనా ఉండాలి. పోసేటప్పుడు ముఖమూ చేయీ ఆవిరికి ఎడంగా పెట్టుకోవాలి. వైన్ లాంటిదైతే గ్యాస్ మంట ఆపి పోయాలి, దాని ఆవిరి అంటుకుంటుంది.

మాంసం తినని ఇళ్లలో ఈ పనికి పుట్టగొడుగులు బాగా అమరుతాయి. వాటిలో నీరు ఎక్కువ, మొదట అదంతా వదిలి ఇగిరిపోయేదాకా ఓపిక పట్టాలి. ఆ తరవాత అవి అడుగున కట్టే పొర కోడి పొరకు ఏమీ తీసిపోదు. ఉల్లిపాయ ఎలాగూ ఉంది. కూరగాయల పొరలో చక్కెరలు ఎక్కువగా ఉంటాయి గనక అది మాంసం పొర కన్నా త్వరగా నల్లబడుతుంది, చిలకరింపు ముందుగా, తరచుగా ఉండాలి.

మటన్ కూర మనవాళ్లు ఎక్కువగా కుక్కర్లోనే వండుతారు. అక్కడ ఈ పనికి ఇంకో అవసరం కూడా ఉంది. మూత పెట్టాక కలపడం కుదరదు కాబట్టి, అడుగున వదిలేసిన పొర విజిల్స్ వచ్చేలోపు మాడి కూరంతటికీ ఆ వాసన పట్టిస్తుంది. అందుకని మూత తెరిచి ఉండగానే ముక్కల్ని రెండు విడతలుగా వేపి, ఉల్లిపాయ వేసి, నీళ్లు చిలకరించి, అట్లకాడ నున్నగా జారేదాకా గీకాలి. విదేశాల్లో ఉన్న తెలుగు ఇళ్లలో ఎక్కువగా కనిపించే ఎలక్ట్రిక్ కుక్కర్ ఇన్‌స్టంట్ పాట్ అయితే ఈ సంగతి తనే చెబుతుంది. అడుగు గీకకుండా మూత బిగిస్తే గిన్నె అడుగు అతిగా వేడెక్కి తెర మీద Burn అని చూపించి వేడి ఆపేస్తుంది. అప్పుడు ఆవిరి వదిలి మూత తీసి, అరకప్పు వేడి నీళ్లు పోసి చెక్క గరిటెతో అడుగు మూలమూలలా గీకి, టమాటాను కలపకుండా పైనే ఉంచి మళ్లీ మూత పెడితే చాలు.